గడువు కోరే ఉత్తరంలో పేషెంటు సంగతి

బీడీఎస్ చివరి సంవత్సరంలో చేసే క్లినికల్ కేసుల్లో పూర్తి పళ్ల సెట్టు ఒకటి. నోటి అచ్చు తీయడం మొదలు సెట్టు అమర్చేదాకా పేషెంటు ఐదారుసార్లు రావాలి. రికార్డు పుస్తకమైతే రాత్రంతా కూర్చుని ముగించొచ్చు, ఇది అలా కుదరదు. అందుకే జబ్బుపడ్డ విద్యార్థి గడువు కోరేటప్పుడు తన జ్వరం గురించి రెండు మాటలు చాలు. పని ఎక్కడ ఆగిందో, పేషెంటు పరిస్థితేమిటో వివరంగా రాయాలి.

ఉదాహరణకు ఒక విద్యార్థిని గురువారం ఒక పెద్దాయనకు దవడల కొలత, అంటే జా రిలేషన్ తీసుకుందనుకుందాం. మర్నాడే ఆమెకు ఆటలమ్మ పోసింది. కేసు చూపించాల్సింది 16న. అప్పుడు ఉత్తరం ఇలా ఉండొచ్చు:

"గౌరవనీయులైన మేడమ్‌కి నమస్కారం. 6వ తేదీన నాకు ఆటలమ్మ పోసింది. పొక్కులన్నీ పెచ్చులు కట్టేదాకా క్లినిక్‌కు వెళ్లొద్దని డాక్టర్ చెప్పారు. సర్టిఫికెట్ జతచేస్తున్నాను. నా కేసు జా రిలేషన్ దగ్గర ఆగింది. 5న పేషెంటును చూశాను కనుక వెంటనే ఆయనకు ఫోన్ చేశాను. చిన్నప్పుడే ఆటలమ్మ వచ్చిందన్నారు. 16న ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌తో వచ్చి పని కొనసాగిస్తాను. దయచేసి 27 వరకు గడువు ఇవ్వగలరు. మీ విద్యార్థిని."

ఆ ఫోన్ సంగతి ఈ ఉత్తరానికి ప్రాణం. పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఆటలమ్మ ఇతరులకు అంటుకుంటుంది. పెద్దాయనకు మునుపెన్నడూ రాకపోయి ఉంటే, లక్షణాలు బయటపడతాయేమోనని మూడు వారాల వరకు గమనించాలి. అప్పుడు 27 కూడా చాలదు.

ఆ తేదీ ఎలా వచ్చింది? మైనపు దిమ్మెలు ఎండవేడికి వంగిపోతాయి కాబట్టి 16న కొలత మళ్లీ సరిచూడాలి. ఆర్టిక్యులేటర్‌పై బిగించి పళ్లు పేర్చడానికి రెండు రోజులు పడుతుంది. 19న మైనపు సెట్టును నోట్లో పెట్టి చూడాలి. తర్వాత రెండు రోజులు ల్యాబ్ పని. ఇక్కడ తొందరపడి వేడి ఒక్కసారిగా పెంచితే అక్రిలిక్‌లోని ద్రవం మరిగి, సెట్టు లోపల బుడగలు మిగిలిపోతాయి. అలాంటి సెట్టు సులువుగా విరుగుతుంది. 23న అమర్చి, మర్నాడు చిగుళ్లు ఎక్కడైనా ఒరుసుకున్నాయేమో చూడాలి. మిగిలిన మూడు రోజులు పెద్దాయన ఒకసారి రాలేకపోతే పనికొస్తాయి.

ఇంత లెక్క చూపిస్తే ప్రొఫెసర్ ఒప్పుకోవడానికో, తేదీ సవరించడానికో ఆధారం దొరుకుతుంది. హాజరు మాత్రం వేరే విషయం. 75 శాతం నిబంధనకు కేసు గడువుతో సంబంధం లేదు, కాబట్టి సెలవు దరఖాస్తు విడిగా పెట్టుకోవాలి.