పైజమా ఫ్యాక్టరీ లెక్కలతో లెవిన్ మూడు దశలు

సంస్థాగత అభివృద్ధి పేపర్లో ‘అన్‌ఫ్రీజ్, చేంజ్, రీఫ్రీజ్ నమూనా రాయండి’ అన్న ప్రశ్న ఒకచోట, ‘మార్పుకు ప్రతిఘటన ఎక్కడి నుంచి వస్తుంది?’ అన్నది మరోచోట కనిపిస్తుంది. ఈ రెంటినీ కలిపి చదవడానికి అమెరికాలోని హార్వుడ్ పైజమా ఫ్యాక్టరీలో కోచ్, ఫ్రెంచ్ చేసి 1948లో ప్రచురించిన ప్రయోగం బాగా పనికొస్తుంది.

కర్ట్ లెవిన్ 1947లో చెప్పింది ఇదీ. పాత పద్ధతి మీద పట్టు సడలించాలి, అది అన్‌ఫ్రీజ్. కొత్త పద్ధతికి మారాలి, అది చేంజ్. మళ్లీ పాతదానికి జారిపోకుండా దాన్ని స్థిరపరచాలి, అది రీఫ్రీజ్. ఏ పద్ధతైనా ముందుకు నెట్టే బలాలకూ వెనక్కి లాగే బలాలకూ మధ్య నిలిచి ఉంటుందని ఆయన లెక్క.

హార్వుడ్‌లో పని తీరు కొద్దిగా మార్చి, కూలి రేటును తిరిగి లెక్కగట్టారు. 18 మంది ఉన్న ఒక జట్టుకు సంగతి చెప్పి ఊరుకున్నారు. 13 మంది జట్టు తరఫున ప్రతినిధులు చర్చలో కూర్చున్నారు. 8 మంది, 7 మంది ఉన్న రెండు చిన్న జట్లలో అందరూ పాల్గొన్నారు.

ఫ్యాక్టరీ ప్రమాణం గంటకు 60 యూనిట్లు. మొదటి జట్టు 50 దగ్గరే ఆగిపోయింది. ఆరింట ఒక వంతు లోటు అన్నమాట. చేసినదానికే కూలి దక్కే ఇంటికి ఇది నెలలో ఐదు రోజుల సంపాదన పోవడంతో సమానం. నలభై రోజుల్లో ఆ జట్టులో 17 శాతం, అంటే ముగ్గురు, మానేశారు. ప్రతినిధుల జట్టు రెండు వారాల్లో 61కి చేరింది. అందరూ పాల్గొన్న జట్లు మార్పుకు ముందున్న స్థాయిని దాదాపు 14 శాతం దాటాయి.

‘ఆ 18 మందీ స్వతహాగా మొండివాళ్లేమో?’ అన్న సందేహం న్యాయమైనదే. పరిశోధకులు దానికీ జవాబు చూపారు. ఆ జట్టులో మిగిలిన 13 మందిని రెండున్నర నెలల తర్వాత మళ్లీ కలిపి, ఈసారి అందరినీ చర్చలో కూర్చోబెట్టి మరో పనికి మార్చారు. వాళ్లూ త్వరగా కోలుకున్నారు. అందుకే ప్రతిఘటనను మనిషి స్వభావం ఖాతాలో వేసే జవాబు నాకు అసంపూర్ణంగా తోస్తుంది. మొదటిసారి అన్‌ఫ్రీజ్ దశనే దాటవేశారు. దాంతో కూలి తగ్గుతుందన్న భయం, చేతికి అలవాటైన పని పోవడం, జట్టు అంతా ఒక్కటై వేగం తగ్గించడం, అన్నీ వెనక్కి లాగే బలాలుగా మిగిలిపోయాయి.

మొదటి రెండు వ్యక్తిలో పుట్టే మూలాలు, మూడోది జట్టులో పుట్టేది. పాఠ్యపుస్తకాల విభజన కూడా దాదాపు ఇదే: వ్యక్తిగతం, సంస్థాగతం. నైపుణ్యానికీ అధికారానికీ ముప్పు రావడాన్ని సంస్థాగత మూలాల్లోనే చేరుస్తారు.

ఒక్క ఫ్యాక్టరీలో, ఇంత చిన్న జట్ల మీద తేలిన ఫలితం అన్ని సంస్థలకూ వర్తిస్తుందని మాత్రం రాయకండి. జవాబులో ప్రతి మూలం పక్కన అది ఏ దశలో తలెత్తుతుందో, దాన్ని ఏ చర్య సడలిస్తుందో ఒక్కో వాక్యం చేర్చండి.