వాల్కైరీలు

వాల్కైరీలు నార్స్ పురాణగాథలలో ఓడిన్ దేవుని ఆజ్ఞపై యుద్ధభూమికి వెళ్ళి, అక్కడ ఎవరు మరణించాలో నిర్ణయించే స్త్రీమూర్తులు. ప్రాచీన నార్స్ భాషలో ఈ పదానికి "హతులను ఎంచుకొనునది" అని అర్థం. వీరు ఎంచుకున్న యోధులు ఓడిన్ నివాసమైన వాల్‌హల్లాకు చేరుతారు. అయితే హతులలో సగం మంది ఫ్రేయా దేవత వంతుకు వెళ్తారని గ్రిమ్నిస్మాల్ అనే కావ్యం చెబుతుంది.

హాకోన్ రాజు ఉదంతం

ఈ ఎంపికను వివరంగా చూపే రచన హాకోనర్మాల్. దీనిని 10వ శతాబ్దంలో నార్వే ఆస్థానకవి ఎయ్‌వింద్ రచించాడు. సుమారు 961లో స్టోర్డ్ ద్వీపంలోని ఫిట్యార్ వద్ద జరిగిన యుద్ధంలో హాకోన్ రాజు సైన్యం గెలిచింది, కాని గాయపడిన రాజు మరణించాడు. కావ్యంలో గోండుల్, స్కోగుల్ అనే వాల్కైరీలు గుర్రాలపై, శిరస్త్రాణాలు ధరించి కనిపిస్తారు. దేవతల సేన పెరిగిందని గోండుల్ అనగా రాజు విని, తాము విజయానికి అర్హులమే కదా, యుద్ధాన్ని ఇలా ఎందుకు ముగించారని ప్రశ్నిస్తాడు. రణభూమి నీకే దక్కింది, శత్రువులు పారిపోయారు అని స్కోగుల్ బదులిస్తుంది. అనగా విజయమూ మరణమూ రెండూ వారు ఇచ్చినవే.

వాల్‌హల్లా ద్వారం వద్ద కూడా రాజు ఓడిన్‌ను పూర్తిగా నమ్మడు. తన ఆయుధాలను తానే ఉంచుకుంటానని అంటాడు. అప్పటికే మరణించిన ఎనిమిది మంది సోదరులు లోపల ఉన్నారని బ్రాగి అతనికి స్వాగతం పలుకుతాడు. హాకోన్ ఇంగ్లాండులో క్రైస్తవునిగా పెరిగినవాడు. అయినా దేవాలయాలను కాపాడినందున దేవతలు అతనిని ఆదరించారని కవి చెబుతాడు.

ఉత్తములే ఎందుకు?

హాకోన్ అన్న ఎరిక్ మరణంపై వెలసిన ఎరిక్స్‌మాల్ కావ్యంలో దీనికి సమాధానం ఉన్నది. అంతటి వీరునికి విజయం ఎందుకు నిరాకరించావని అడిగినప్పుడు, బూడిదరంగు తోడేలు దేవతల నివాసం వైపే చూస్తున్నదని ఓడిన్ అంటాడు. రాగ్నరోక్ అనే అంతిమ యుద్ధంలో ఫెన్రిర్ తోడేలు ఓడిన్‌ను మ్రింగుతుందని గాథ. ఆ యుద్ధానికి మేటి యోధులు కావాలి. కనుక వాల్కైరీల ఎంపిక కేవలం వీరునికి లభించే బహుమతి కాదు, దేవతల అవసరం కూడా. మంచి రాజు అకాలంగా ఎందుకు మరణించాడన్న దుఃఖానికి ఇదొక వివరణ.

వాల్‌హల్లా భవనం

గ్రిమ్నిస్మాల్ ప్రకారం ఈ భవనానికి ఈటెలే వాసాలు, డాళ్ళే పైకప్పు. బల్లలపై కవచాలు పరచి ఉంటాయి. 540 ద్వారాలు కలవు. అంతిమ యుద్ధానికి ఒక్కొక్క ద్వారం నుండి 800 మంది ఒకేసారి బయలుదేరుతారు. సేహ్రిమ్నిర్ అనే పందిని ప్రతిదినం వండుతారు, సాయంత్రానికి అది మరల సజీవమవుతుంది. హేయిడ్రూన్ అనే మేక పొదుగు నుండి తేనెమద్యం స్రవిస్తుంది. యోధులు పగలు పోరాడి, పిదప కలిసి విందు చేస్తారు. వాల్కైరీలు పానపాత్రలు అందిస్తారు.

ఆధారాల పరిమితి

ఈ సంపూర్ణ వర్ణన 13వ శతాబ్దపు ఐస్‌లాండ్ గ్రంథాలలో, ముఖ్యంగా స్నోరి స్టుర్లుసన్ రచించిన ఎడ్డాలో లభిస్తుంది. అప్పటికి ఐస్‌లాండ్ క్రైస్తవాన్ని స్వీకరించి రెండు శతాబ్దాలు దాటింది. 10వ శతాబ్దపు యోధుల ఊహకు దగ్గరగా ఉన్నవి ఎరిక్స్‌మాల్, హాకోనర్మాల్ కావ్యాలే. వాటిలో పంది, మేక ప్రస్తావన లేదు. బంధువులు ఎదురుచూసే రాజసభ, స్వాగతపానం మాత్రమే కనిపిస్తాయి.