తెలుగు విభక్తి చేసే తుంటరి పని

ఉద్యోగానికి దరఖాస్తు పెట్టే కుర్రాళ్ల ఇంగ్లిష్ ఉత్తరాల్లో ఇలాంటి వాక్యాలు తరచూ కనిపిస్తాయి. "ఐ యామ్ ఇంటరెస్టెడ్ ఆన్ దిస్ జాబ్. ఐ యామ్ గుడ్ ఇన్ టైపింగ్. ఐ డిస్కస్డ్ అబౌట్ ఇట్ విత్ మై ఫాదర్. ఐ రిక్వెస్ట్ ఫర్ యాన్ ఇంటర్వ్యూ. ఐ యామ్ వెయిటింగ్ యువర్ రిప్లై." స్పెల్లింగులు బాగానే ఉన్నాయి, కాలాలు బాగానే ఉన్నాయి. అయినా వాక్యానికొక తప్పు దొర్లింది. అన్నీ ప్రిపోజిషన్ దగ్గరే.

ఒక్కోటీ విప్పి చూస్తే తప్పు ఎక్కడ పుట్టిందో తెలిసిపోతుంది. మనం ఉద్యోగం "మీద" ఆసక్తి అంటాం, అందుకని "ఆన్" వచ్చి కూర్చుంది. టైపింగ్‌"లో" దిట్ట అంటాం, అది "ఇన్" అయింది. ఆ విషయం "గురించి" చర్చిస్తాం, ఇంటర్వ్యూ "కోసం" అభ్యర్థిస్తాం. తెలుగులో ఇవన్నీ నిక్షేపంలాంటి మాటలే. రాసేవాడు ఆలోచన తెలుగులో పూర్తి చేసి, విభక్తి స్థానంలో దానికి దగ్గరగా కనిపించిన ఇంగ్లిష్ ముక్కను అతికించాడు, అంతే. చివరి వాక్యంలో మాత్రం తెలుగుది నేరం కాదు. జవాబు "కోసం" ఎదురుచూస్తాం కాబట్టి తెలుగును నమ్ముకున్నా "ఫర్" రావాల్సిందే. "అవెయిట్" అనే దగ్గరి చుట్టం ఉంది, దాని వెనక ప్రిపోజిషన్ రాదు. ఆ రెండూ కలగాపులగం అయ్యాయి. "వెయిట్ ఫర్ యువర్ రిప్లై" అనాలి, లేదంటే "అవెయిట్ యువర్ రిప్లై" అనాలి.

దిద్దాక ఉత్తరం ఇలా ఉంటుంది: "ఇంటరెస్టెడ్ ఇన్ దిస్ జాబ్", "గుడ్ ఎట్ టైపింగ్", "డిస్కస్డ్ ఇట్ విత్ మై ఫాదర్", "రిక్వెస్ట్ యాన్ ఇంటర్వ్యూ", "వెయిటింగ్ ఫర్ యువర్ రిప్లై". మూడోదీ నాలుగోదీ గమనించండి. అక్కడ ప్రిపోజిషన్ మార్చలేదు, పూర్తిగా తీసేశాం.

ఇంగ్లిష్‌లో కొన్ని క్రియలకు, విశేషణాలకు ఫలానా ప్రిపోజిషనే రావాలని వాడుకలో స్థిరపడిపోయింది. అర్థం చూసి ఎంచుకునే వీలు చాలాచోట్ల ఉండదు. అలాగని అంతా గుడ్డి కంఠస్థమే అనుకోనక్కర్లేదు. "ఎట్"నే తీసుకోండి. "లుక్ ఎట్", "లాఫ్ ఎట్", "షౌట్ ఎట్", "ఎయిమ్ ఎట్" అన్నింటిలోనూ చూపో నవ్వో అరుపో ఒక గురికి తగులుతుంది. "త్రో ద బాల్ టు హిమ్" అంటే అతను పట్టుకోవాలని బంతి అందించడం. "త్రో ద బాల్ ఎట్ హిమ్" అంటే తగలాలనే విసరడం. "షౌట్ టు" అంటే దూరంగా ఉన్నవాడికి వినిపించేలా కేకేయడం, "షౌట్ ఎట్" అంటే మీద పడి అరవడం. బంతి ఒకటే, గొంతు ఒకటే, ప్రిపోజిషన్ మారేసరికి ఉద్దేశమే మారిపోయింది. నైపుణ్యం చెప్పే "గుడ్ ఎట్", "బ్యాడ్ ఎట్", "క్విక్ ఎట్" కూడా ఈ గుంపులోనే గుర్తుంచుకోవచ్చు. అమెరికాలో బడి సబ్జెక్టుల విషయానికి "గుడ్ ఇన్ మ్యాథ్" అనడమూ వినిపిస్తుంది గానీ, మన పోటీ పరీక్షల్లో "ఎట్" పెట్టడమే క్షేమం.

ఇక రివిజన్ సంగతి. గైడ్లలో ఇవి ఎ నుంచి జెడ్ దాకా వరసగా ఉంటాయి. వెతుక్కోవడానికి అది సరే, చదువుకోవడానికి మాత్రం అంత పనికిమాలిన వరస ఇంకోటి లేదు. "అఫ్రైడ్ ఆఫ్" పక్కన "అగ్రీ విత్" ఉంటే ఒకటి రెండోదాన్ని గుర్తుచేయదు. మనవాళ్లకు పనికొచ్చే వరస వేరే ఉంది. నోట్‌బుక్‌లో పేజీ పైన తెలుగు విభక్తిని రాసి, దాని కింద అది ఎక్కడెక్కడ మోసం చేస్తుందో రాసుకోవాలి.

"తో" పేజీ చూద్దాం. జ్వరంతో బాధపడుతున్నాడు: "సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్". క్యాన్సర్‌తో చనిపోయాడు: "డైడ్ ఆఫ్ క్యాన్సర్". డాక్టర్‌తో పెళ్లయింది: "మ్యారీడ్ టు ఎ డాక్టర్". నీళ్లతో నిండి ఉంది: "ఫుల్ ఆఫ్ వాటర్", కానీ "ఫిల్డ్ విత్ వాటర్". తెలుగులో అంతా ఒక్క "తో"యే. ఇంగ్లిష్‌లో నాలుగు దారులు. ఇవి ఒకే పేజీలో పక్కపక్కన ఉంటే "విత్" అని నోటిదాకా వచ్చినప్పుడు ఆగి చూసుకునే అలవాటు పడుతుంది.

"మీద" పేజీలో సగం మనకు కలిసొస్తుంది. "డిపెండ్ ఆన్", "రిలై ఆన్", "స్పెండ్ ఆన్" తెలుగులోలాగే ఉంటాయి. వాటి మీద సమయం వృథా చేయకుండా ఒక్క గీత గీసి వదిలేయవచ్చు. తమ్ముడి మీద కోపం మాత్రం "యాంగ్రీ విత్ మై బ్రదర్", దేవుడి మీద నమ్మకం "బిలీఫ్ ఇన్ గాడ్". "అంటే" పేజీ చిన్నది: కుక్కలంటే భయం "అఫ్రైడ్ ఆఫ్ డాగ్స్", పాటలంటే ఇష్టం "ఫాండ్ ఆఫ్ మ్యూజిక్".

"కంటే" పేజీని ఎస్‌ఎస్‌సీ లాంటి పరీక్షలు రాసేవాళ్లు వదలకూడదు. నాకంటే సీనియర్ అంటే "సీనియర్ టు మీ", "దాన్" కాదు. జూనియర్, సుపీరియర్, ఇన్ఫీరియర్ కూడా అంతే. ఇవన్నీ లాటిన్ నుంచి వచ్చిన తారతమ్య రూపాలు, "దాన్"తో వీటికి పొత్తు కుదరదు. కాఫీ కంటే టీ ఇష్టం అన్నా "ప్రిఫర్ టీ టు కాఫీ"యే.

అన్నిటికన్నా ఎక్కువ మార్కులు పోగొట్టేది ఖాళీ పేజీ. తెలుగులో విభక్తి ఉండి, ఇంగ్లిష్‌లో ఏమీ రానివి ఇందులో చేరతాయి. "డిస్కస్ ద మేటర్", "రీచ్ హైదరాబాద్", "ఎంటర్ ద రూమ్", "ఆన్సర్ ద క్వశ్చన్", "రిసెంబుల్ హర్ మదర్", "మ్యారీ హిమ్". ఇక్కడ ఇంకో చిక్కుంది. ఇవే నామవాచకాలయితే ప్రిపోజిషన్ తిరిగొస్తుంది: "ఎ డిస్కషన్ అబౌట్ ద మేటర్", "ఎ రిక్వెస్ట్ ఫర్ లీవ్", "యాన్ ఆన్సర్ టు ద క్వశ్చన్". కొన్నింటికి రూపంతోపాటు ప్రిపోజిషనే మారుతుంది. "ప్రౌడ్ ఆఫ్" అంటాం, "టేక్ ప్రైడ్ ఇన్" అంటాం. అందుకే విడి మాట రాసుకుంటే చాలదు. తెలుగు వాక్యం ఎడమవైపు, ఇంగ్లిష్ వాక్యం కుడివైపు రాసి, కుడివైపు చేత్తో మూసి చెప్పుకోవాలి.

అలా చెప్పుకునేటప్పుడు ప్రశ్నలు కూడా కలపాలి. వాక్యంలో "లిసన్ టు" సరిగ్గా అనేవాళ్లు కూడా ప్రశ్నలో "వాట్ ఆర్ యు లిసనింగ్?" అనేస్తారు. చివర "టు" వేలాడాల్సిందే: "వాట్ ఆర్ యు లిసనింగ్ టు?" "హూ ఆర్ యు వెయిటింగ్ ఫర్?" కూడా అంతే.

మిగిలింది "టు" వెనక వచ్చే రూపం. ప్రిపోజిషన్ వెనక క్రియ వస్తే దానికి "ఇంగ్" చేరాలి. "గుడ్ ఎట్ డ్రాయింగ్" దగ్గర ఎవరూ తడబడరు, "లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యు" అని మాత్రం ఆఫీసు ఉత్తరాల్లో రోజూ రాస్తారు. "టు" కనపడగానే వెనక మామూలు క్రియ వస్తుందని చెయ్యి అలవాటుగా రాసేస్తుంది. పరీక్షించుకోవడం తేలిక. ఆ "టు" తర్వాత ఒక వస్తువు పేరు పెట్టి చూడండి. "లుకింగ్ ఫార్వర్డ్ టు ద హాలిడేస్" నిలబడింది కాబట్టి అది ప్రిపోజిషనే, "టు మీటింగ్ యు" అనాలి. "ఐ యామ్ యూస్డ్ టు ద హీట్" నిలబడుతుంది, కాబట్టి "ఐ యామ్ యూస్డ్ టు వాకింగ్", నాకు నడక అలవాటే అని. "ఐ యూస్డ్ టు ద హీట్" నిలబడదు, కాబట్టి "ఐ యూస్డ్ టు వాక్", అంటే ఒకప్పుడు నడిచేవాణ్ని, ఇప్పుడు లేదు.