60 జీబీ డిస్కు, 12 జీబీ ఫైలు

విండోస్ లాప్‌టాప్ మీద లినక్స్ నేర్చుకుందామనుకునేవాళ్లు చాలామంది వర్చువల్‌బాక్స్ వేసుకుని, అందులో ఉబుంటు ఎక్కించుకుంటారు. కొత్త మెషీన్ తయారుచేసేటప్పుడు డిస్కు ఎంత ఉండాలో అడిగే చోటే `Pre-allocate Full Size` అనే చిన్న గడి కనిపిస్తుంది. టిక్కు పెట్టకపోతే డైనమిక్ డిస్కు వస్తుంది, పెడితే ఫిక్స్‌డ్ డిస్కు. ఫిక్స్‌డ్ అయితే వేగం, డైనమిక్ అయితే చోటు ఆదా అని సాధారణంగా చెబుతారు. అది అబద్ధం కాదు గానీ, ఆ ఒక్క మాట నమ్ముకుంటే అసలు ఇబ్బంది ఎక్కడ వస్తుందో తెలియదు. వేగం కన్నా ముందు చోటు సంగతి చూసుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

మనం 60 జీబీ అని రాశామనుకుందాం. లోపలున్న ఉబుంటుకి కనిపించేది 60 జీబీ డిస్కే. బయట విండోస్‌కి మాత్రం అది మామూలు ఫైలు, చివర `.vdi` అని ఉంటుంది. ఫిక్స్‌డ్‌గా చేస్తే ఆ ఫైలు మొదటిరోజే 60 జీబీ ఉంటుంది. ఉబుంటు ఎక్కకముందే లాప్‌టాప్‌లో అంత చోటు పోతుంది. డైనమిక్‌గా చేస్తే ఫైలు కొద్ది ఎంబీలతో మొదలై, ఉబుంటు ఎక్కాక ఏ 12 జీబీకో చేరుతుంది. మిగతా 48 జీబీ ఇంకా ఎక్కడా లేదు. లోపల ఏదైనా రాసినప్పుడే అది పుడుతుంది.

ఎలా పుడుతుందో తెలిస్తే వేగం సంగతి దానంతటదే అర్థమవుతుంది. వర్చువల్‌బాక్స్ ఈ డిస్కును 1 ఎంబీ బ్లాకులుగా లెక్కపెడుతుంది. 60 జీబీకి 61,440 బ్లాకులు. ఫలానా బ్లాకు ఫైల్లో ఎక్కడుందో చెప్పే పట్టిక ఒకటి ఫైలు మొదట్లో ఉంటుంది. ఒక్కో బ్లాకుకి 4 బైట్లు, అంటే మొత్తం 240 కేబీ. మెషీన్ నడుస్తున్నంతసేపూ అది మెమరీలోనే ఉంటుంది కాబట్టి, దాన్ని చూసుకోవడానికి పట్టే సమయం లెక్కలోకి రాదు.

భారమంతా మొదటిసారి రాసేటప్పుడే. ఎప్పుడూ వాడని బ్లాకులో ఉబుంటు 4 కేబీ రాసిందనుకోండి. వర్చువల్‌బాక్స్ ఫైలు చివర 1 ఎంబీ చోటు కొత్తగా తీసుకుని, మిగతా భాగాన్ని సున్నాలతో నింపి, పట్టికలో ఆ చోటు రాసుకోవాలి. 4 కేబీ పని కోసం ఇంత జరుగుతుంది. అదే బ్లాకులో రెండోసారి రాస్తే ఇదేమీ ఉండదు, నేరుగా వెళ్లి రాసేస్తుంది. అందుకే కొత్త డైనమిక్ డిస్కు మీద ఓ పెద్ద ఫైలు కాపీ చేసి, ఇది నెమ్మది అని తేల్చేయడం సరికాదు. అదే చోట మళ్లీ రాయించి చూడండి, ఫిక్స్‌డ్‌కి బాగా దగ్గరగా వస్తుంది.

ఎస్సెస్‌డీ ఉన్న లాప్‌టాప్‌లో కథ ఇంతటితో అయిపోతుంది. తిరిగే హార్డ్ డిస్కు అయితే ఇంకో చిక్కుంది. బ్లాకులు ఫైల్లో వచ్చిన వరసలో కూర్చుంటాయి కాబట్టి, లోపల పక్కపక్కనే ఉన్న డేటా బయట చెల్లాచెదురుగా ఉండొచ్చు. చదివేటప్పుడు డిస్కు సూది అటూ ఇటూ పరుగెత్తాలి. పాత హార్డ్ డిస్కు మీద డేటాబేస్ లాంటిది నడిపేవాళ్లకి ఫిక్స్‌డ్ నిజంగా మేలు చేస్తుంది. దానికి మూల్యం తయారీలోనే చెల్లించాలి: సెకనుకి 100 ఎంబీ రాసే డిస్కు మీద 60 జీబీని సున్నాలతో నింపడానికి పది నిమిషాల పైనే పడుతుంది. తర్వాత ఆ ఫైలుని వేరే చోటికి కాపీ చేసినా, లోపల ఎంత ఖాళీ ఉన్నా, మొత్తం 60 జీబీ కదలాల్సిందే.

ఇప్పుడు చోటు సంగతి. 256 జీబీ ఎస్సెస్‌డీని విండోస్ 238 జీబీగా చూపిస్తుంది. అందులో విండోస్, ప్రోగ్రాములు, ఫొటోలు పోను 90 జీబీ మిగిలిందనుకుందాం. ఒక్కోటి 60 జీబీ చొప్పున మూడు డైనమిక్ మెషీన్లు పెట్టినా ఎవరూ అడ్డు చెప్పరు. మూడూ కలిపి మొదట 36 జీబీయే తీసుకుంటాయి. కానీ వాటికి ఇచ్చిన మాట 180 జీబీ. నెలలు గడిచేకొద్దీ ఒకదానిలో డేటాబేస్ పెరుగుతుంది, ఇంకోదానిలో అప్‌డేట్లు దిగుతాయి. ఒకరోజు C: నిండిపోతుంది. లోపల `df -h` కొడితే 30 జీబీ ఖాళీ అని చూపిస్తుంది. బయట విండోస్ మాత్రం కొద్ది ఎంబీలే ఉన్నాయంటుంది. అప్పుడు వర్చువల్‌బాక్స్ మెషీన్‌ని పాజ్ చేసి, `DrvVD_DISKFULL` అనే సందేశం చూపిస్తుంది. ఆ పేరు కనిపిస్తే కంగారుపడి మెషీన్‌ని బలవంతంగా ఆపకండి. బయట చోటు ఖాళీ చేసి, మెషీన్‌ని మళ్లీ నడిపిస్తే ఆగిన చోటి నుంచే సాగుతుంది.

అక్కడే చాలామందికి అర్థంకాని ఇంకో విషయం ఎదురవుతుంది. ఉబుంటులో 20 జీబీ వీడియోలు పెట్టి, తర్వాత అన్నీ తీసేస్తారు. `.vdi` ఫైలు మాత్రం 32 జీబీ దగ్గరే ఉండిపోతుంది. ఉబుంటు ఫైలుని తీసేయడమంటే, ఆ చోటు ఖాళీ అని తన పద్దులో రాసుకోవడమే. బ్లాకుల్లో పాత డేటా అలాగే ఉంటుంది. బయటున్న వర్చువల్‌బాక్స్ మామూలుగా ఆ పద్దు చదవదు. డైనమిక్ డిస్కు పెరుగుతుందే తప్ప దానంతటది తగ్గదు. తగ్గించాలంటే ముందు ఖాళీ చోటంతా సున్నాలతో నింపాలి. ఉబుంటు టెర్మినల్లో ఇలా:

```
dd if=/dev/zero of=~/zero.fill bs=1M
sync
rm ~/zero.fill
```

చోటు లేదన్న సందేశంతో `dd` ఆగిపోవడం మామూలే, ఆగాలి కూడా. తర్వాత మెషీన్‌ని షట్‌డౌన్ చేసి, విండోస్‌లో వర్చువల్‌బాక్స్ ఫోల్డర్ నుంచి:

```
VBoxManage modifymedium disk "D:\VM\ubuntu.vdi" --compact
```

సున్నాలే ఉన్న బ్లాకుల్ని అది తీసేస్తుంది, ఫైలు మళ్లీ 12 జీబీ దరిదాపులకి వస్తుంది. సున్నాలు నింపేటప్పుడు ఫైలు ఇంకా పెరగొచ్చు కాబట్టి, C: పూర్తిగా నిండాక కాకుండా కాస్త చోటున్నప్పుడే ఈ పని పెట్టుకోవాలి.

చోటు గురించి నిశ్చింతగా ఉండాలని ఫిక్స్‌డ్ ఎంచుకున్నవాళ్లు కూడా ఒకచోట జాగ్రత్తపడాలి, అది స్నాప్‌షాట్. స్నాప్‌షాట్ తీయగానే అసలు ఫైలు అక్కడికి ఆగిపోతుంది. ఆ తర్వాత రాసేదంతా విడిగా పుట్టిన మరో ఫైల్లోకి వెళ్తుంది. ఆ ఫైలు డైనమిక్కే. డిస్కు ఫిక్స్‌డ్ అనుకుంటూనే మళ్లీ పెరిగే ఫైలు మీద నడుస్తున్నామన్నమాట. ఆఫీసులో చిన్న డేటాబేస్ సర్వర్ పెట్టి ఫిక్స్‌డ్ వాడేవాళ్లు స్నాప్‌షాట్లు తీసి నెలల తరబడి వదిలేస్తే, ముందే కట్టేసుకున్న 60 జీబీ వల్ల వచ్చే భరోసా పోయినట్టే.

నేనైతే ఎస్సెస్‌డీ లాప్‌టాప్‌లో నేర్చుకునే మెషీన్లకి డైనమిక్ పెట్టి, వాటికి ఇచ్చిన గరిష్ఠ కొలతలన్నీ కలిపి ఎంతవుతుందో ఒక కాగితం మీద రాసుకోమంటాను. రోజూ డేటా రాసుకునే సర్వర్‌కి, అందులోనూ హార్డ్ డిస్కు మీదైతే, ఫిక్స్‌డ్ పెట్టమంటాను. ముందు ఒకటి ఎంచుకుని తర్వాత మనసు మార్చుకున్నా పర్వాలేదు. మెషీన్ ఆపి కొత్త ఫైలుగా కాపీ తీసుకోవచ్చు:

```
VBoxManage clonemedium disk ubuntu.vdi ubuntu-fixed.vdi --variant Fixed
```

కాపీ అయ్యేదాకా పాత 12 జీబీ, కొత్త 60 జీబీ రెండూ డిస్కు మీద ఉంటాయి. కాబట్టి ముందుగా 60 జీబీ పైన ఖాళీ చూసుకోవాలి. కొత్త ఫైలుని మెషీన్ సెట్టింగ్స్‌లోని `Storage`లో తగిలించి, ఉబుంటు చక్కగా లేచిందని చూసుకున్నాకే పాతదాన్ని తీసేయండి.