అవిసె పొడి ఎందుకు త్వరగా ముక్కిపోతుంది?

కొత్త క్రికెట్ బ్యాటుకు రాసే లిన్సీడ్ ఆయిల్ మన అవిసె గింజల నూనే. చెక్క మీద పలుచగా పూసి గాలికి వదిలేస్తే కొన్నాళ్లకు అది చేతికి అంటుకోని పొరగా గట్టిపడుతుంది. చిత్రకారులు తైలవర్ణాలను ఆ నూనెలో నూరుకునేది కూడా ఈ గుణం కోసమే. నువ్వుల నూనెను అలాగే పూస్తే వారాలు గడిచినా జిడ్డుగానే ఉంటుంది. అవిసె నూనె ఆరడమంటే అందులోంచి నీరు ఆవిరైపోవడం కాదు. గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని అది వేరే పదార్థంగా మారిపోతుంది. బ్యాటుకు మేలు చేసే ఆ గుణమే వంటింటి డబ్బాలో అవిసె పొడిని పాడుచేస్తుంది.

అవిసెలు, నువ్వులు, పొద్దుతిరుగుడు ఈ మూడు గింజల్లోనూ నూనె దండిగా ఉంటుంది. నువ్వుల్లోనూ, పెంకు తీసిన పొద్దుతిరుగుడు పప్పులోనూ బరువులో దాదాపు సగం నూనే. అవిసెలో సుమారు 40 శాతం ఉంటుంది. అంటే నూనె తక్కువున్న గింజే ముందు పాడవుతోంది. కాబట్టి చూడవలసింది నూనె ఎంత ఉందని కాదు, ఎలాంటిదని.

నూనెలోని కొవ్వు ఆమ్లాలు పొడవాటి కార్బన్ గొలుసులు. ఆ గొలుసులో కొన్నిచోట్ల ద్విబంధాలుంటాయి. రెండు ద్విబంధాల మధ్య ఇరుక్కున్న కార్బన్ దగ్గర హైడ్రోజన్ పట్టు సడలి ఉంటుంది, ఆక్సిజన్ దాడి మొదలయ్యేది అక్కడే. నువ్వుల నూనెలో ఎక్కువ భాగం ఒక ద్విబంధం ఉన్న ఒలీయిక్, రెండున్న లినోలీయిక్ ఆమ్లాలే, అవి ఇంచుమించు సమానంగా ఉంటాయి. మామూలు పొద్దుతిరుగుడులో లినోలీయిక్‌ది పైచేయి. అవిసె నూనెలో సగానికి పైగా ఉండేది మూడు ద్విబంధాల ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం. మనం ఒమేగా-3 అంటూ అవిసెలు తింటున్నది దీనికోసమే. ఇది లినోలీయిక్ కన్నా దాదాపు రెట్టింపు వేగంతో, ఒలీయిక్ కన్నా ఇరవై రెట్లకు మించిన వేగంతో ఆక్సిజన్‌తో కలుస్తుంది. పైగా ఇది గొలుసు చర్య. చెడిన ఒక అణువు పక్కదాన్ని చెడగొడుతుంది. అందుకే పొడి చాలా రోజులు బాగానే ఉన్నట్టు కనిపించి, ఆ తర్వాత ఉన్నట్టుండి వాసన కొడుతుంది.

నువ్వులకు ఇంకో అండ ఉంది. వాటిలోని సెసమోలిన్ అనే పదార్థం వేయించినప్పుడు కొంత విడిపోయి సెసమోల్‌గా మారుతుంది. ఈ సెసమోల్ ఆక్సిజన్ చర్యను గట్టిగా అడ్డుకుంటుంది. పొద్దుతిరుగుడు పప్పులో విటమిన్ ఇ బాగానే ఉన్నా, నువ్వులంత నిలవ ఉండదు.

మరి అవిసె గింజ గింజగా ఉన్నప్పుడు నెలల తరబడి ఎందుకు చెడదు? దాని పై పొర నున్నగా, గట్టిగా ఉండి గాలిని లోపలికి రానివ్వదు. లోపలి నూనె కూడా కణాల్లో సూక్ష్మమైన బొట్లుగా, మాంసకృత్తుల పొర కప్పుకుని ఉంటుంది. మిక్సీ బ్లేడు ఆ రెండు గోడలనూ ఒకేసారి కూల్చేస్తుంది. నూనె ప్రతి రేణువు మీదా పలుచగా పరుచుకుంటుంది, గాలి తగిలే వైశాల్యం ఎన్నో రెట్లు పెరుగుతుంది. పొడి ఎంత మెత్తనైతే అంత ఎక్కువ. అలాగని పొడి చేయకుండా మింగితే, నమలని గింజ చాలావరకు అరగకుండానే బయటికి పోతుంది. పొడి చేయక తప్పదు, ఎంతెంత చేసుకోవాలన్నదే చూసుకోవాలి.

వేయించడం మూడింటికీ విడివిడిగా జరగాలి. పరిమాణం వేరు, తేమ వేరు, వేగే సమయం వేరు. మందపాటి మూకుడు, సన్నని సెగ, ఒక్కో విడతకు 100 గ్రాములు చాలు. నువ్వులు నాలుగైదు నిమిషాల్లో ఉబ్బి చిటపటలాడతాయి. రెండు వేళ్ల మధ్య నలిపితే పొడి అయి కమ్మని వాసన వస్తే దించేయాలి. పొద్దుతిరుగుడు పప్పు అంచులు బంగారు రంగుకు తిరుగుతుండగానే వెడల్పాటి పళ్లెంలో పోయాలి, ఎందుకంటే మూకుడులో ఉంచితే దించాక కూడా మాడుతుంది.

అవిసెల దగ్గరే చాలామంది పొరబడతారు. గింజ ముందే గోధుమ రంగులో ఉంటుంది కనుక వేగిన సంగతి రంగులో తెలియదు. రంగు మారేదాకా ఆగితే లోపలి నూనె దెబ్బతింటుంది. చిటపటలు జోరందుకుని, చల్లార్చి కొరికిన గింజ సాగకుండా కరకరలాడితే అయిపోయినట్టే. వేయించడం వల్ల తేమ పోతుంది, నూనెను విడగొట్టే ఎంజైముల జోరు తగ్గుతుంది, రుచి వస్తుంది. కానీ నువ్వులకు సెసమోల్ దొరికినట్టు అవిసెకు అలాంటి కొత్త రక్షణేదీ దొరకదు. అందుకే దానికి తేలికపాటి వేపు చాలు.

పొడి చేసేముందు గింజలు పూర్తిగా చల్లారాలి. వెచ్చగా వేస్తే ఆవిరి పొడిలోనే చిక్కుకుని ఉండలు కడుతుంది. మిక్సీని ఆపి ఆపి, ఒక్కోసారి కొన్ని సెకన్లు తిప్పాలి. ఆగకుండా తిప్పితే జారు వేడెక్కి నూనె బయటికొస్తుంది, నువ్వులైతే ముద్దే అవుతాయి.

ఇక లెక్క. నలుగురున్న ఇంట్లో మనిషికి రోజూ ఒక పెద్ద చెంచా, అంటే సుమారు 7 గ్రాముల అవిసె పొడి అనుకుందాం. రోజుకు 28 గ్రాములు, వారానికి దాదాపు 200. కిలో గింజలు కొని వాటిని గింజలుగానే ఉంచుకుని, వారానికి 200 గ్రాములు వేయించి పొడి చేసుకుంటే సరిపోతుంది. నువ్వులు, పొద్దుతిరుగుడు పొడులు విడిగా ఉంచి వడ్డించేటప్పుడు కలుపుకోవడం మేలు. మూడూ ముందే కలిపేస్తే ఆ మిశ్రమం అవిసె ఆగినన్నాళ్లే ఆగుతుంది, మంచి నువ్వులు కూడా దాంతో పాటే పోతాయి.

కెనడా పరిశోధకులు 2000లో ప్రచురించిన పరిశీలనలో, వేయించని అవిసె పొడి 23 డిగ్రీల దగ్గర సుమారు నాలుగు నెలలు బాగానే ఉంది. కాబట్టి రాత్రికి రాత్రే చెడిపోతుందన్న భయం అక్కర్లేదు. అయితే మే నెల విజయవాడ వంటింట్లో 23 డిగ్రీలు ఎక్కడివి? వేడి 10 డిగ్రీలు పెరిగితే ఇలాంటి చర్యల వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. పైగా మన అవిసె కారప్పొడిలో వెల్లుల్లి తేమ, చింతపండు, ఉప్పు కూడా చేరతాయి. గాలి చొరబడని చిన్న స్టీలు డబ్బాలో నిండుగా నింపి ఫ్రిజ్‌లో పెట్టడం మంచిది. కావలసినంత తీసుకుని వెంటనే మూతపెట్టాలి, లేకపోతే చల్లని పొడి మీద గాలిలోని తేమ చేరుతుంది. రాగి పాత్ర మాత్రం వద్దు, రాగి ఈ చర్యను తొందరపెడుతుంది.

చెడిన సంగతి ముందు నాలుకకు తెలియవచ్చు. అవిసెలోని కొన్ని చిన్న పెప్టైడ్లు ఆక్సిజన్ సోకి చేదెక్కుతాయి, ఆ చేదు గొంతులో నిలుస్తుంది. పొడి చేసిన రోజే చేదుంటే అది మాడిన చేదు కావచ్చు. మొదట కమ్మగా ఉండి తర్వాత చేదెక్కితే ముక్కినట్టు. ఆపైన పెయింటు వాసనో, చేప నూనె వాసనో వస్తుంది. అనుమానముంటే అర చెంచా పొడిని వేడినీళ్లలో వేసి రెండు నిమిషాలు మూతపెట్టి వాసన చూడండి. పక్కనే అప్పుడే దంచిన గింజలతో అలాగే చేసి పోల్చుకుంటే తేడా తెలుస్తుంది. ముక్కిన పొడిని మళ్లీ వేయిస్తే వాసన కొంత ఎగిరిపోవచ్చు గానీ, చెడిన నూనె బాగుపడదు, పారేయాల్సిందే. డబ్బాను, మూత రబ్బరును, మిక్సీ జారు అడుగును సబ్బు నీళ్లతో కడిగి బాగా ఆరబెట్టాకే కొత్త పొడి పోయండి. అంచుల్లో మిగిలిన పాత నూనె జిడ్డు కొత్త విడతను కూడా త్వరగా చెడగొడుతుంది.