ఆ హగ్ ప్రేమేనా?

ప్రశ్న: ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం నుంచి మేమిద్దరం మంచి స్నేహితులం. కలిసినప్పుడు, వెళ్లేటప్పుడు ఒక్క క్షణం హగ్ చేసుకోవడం మాకు మామూలే. ఈ మధ్య తను ఎమ్మెస్ చదవడానికి అమెరికా వెళ్తుంటే శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు వెళ్లాను. ఆ రోజు నన్ను చాలాసేపు వదల్లేదు. అది స్నేహమేనా, ఇంకేమైనా ఉందా?

జవాబు: మీరు చెప్పినదాన్నిబట్టి చూస్తే, ఆ నిడివి వీడ్కోలు వల్ల వచ్చిందే అనుకోవాలి. ఆమె మనసులో ప్రేమ లేదని చెప్పలేం. కానీ ఉందనడానికి ఈ ఒక్క కౌగిలింత చాలదు.

కౌగిలింత ఎంతసేపు సాగుతుందో కొలిచి చూసినవాళ్లున్నారు. స్కాట్లాండ్‌లోని డండీ విశ్వవిద్యాలయ పరిశోధకురాలు ఎమెషె నాగీ 2008 బీజింగ్ ఒలింపిక్స్ వీడియోల్లో పోటీ ముగిశాక క్రీడాకారులు చేసుకున్న 188 కౌగిలింతలను పరిశీలించారు. సగటున ఒక్కోటి 3 సెకన్ల దాకా సాగింది. అందరికంటే ఎక్కువసేపు హత్తుకున్నది కోచ్‌లను. ప్రత్యర్థులతో త్వరగా ముగిసింది. కోచ్‌ను అంతసేపు పట్టుకున్నది ప్రేమతో కాదు కదా! ఏళ్ల తరబడి పక్కన నిలబడిన మనిషి, మళ్లీ రాని సందర్భం, ఆ రెండూ కలిస్తే చేతులు వెంటనే విడివడవు. ఎయిర్‌పోర్టులో మీ ఇద్దరి పరిస్థితీ అలాంటిదే.

ఇంకో సంగతీ గమనించాలి. స్నేహంగా మెలిగిన అమ్మాయిలో లేని ఆసక్తిని చూసే పొరపాటు మగవాళ్లలో ఎక్కువని మార్టీ హేజల్‌టన్, డేవిడ్ బస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2000లో రాశారు. మీకు ముందునుంచే ఆమె మీద ఇష్టం ఉంటే, ఆ రోజు మీ మనసు మీకు కావలసిన అర్థాన్నే వెతుక్కుని ఉండొచ్చు.

అందుకే ఆ క్షణాన్ని పక్కన పెట్టి చుట్టూ ఉన్నవి గుర్తు చేసుకోండి. అక్కడికి వచ్చిన మిగతా స్నేహితులనూ, అక్కనూ, పిన్నినీ ఎలా హత్తుకుంది? అందరినీ అలాగే పట్టుకుని ఏడిస్తే అది ఊరు వదిలే బాధ. మీ దగ్గర మాత్రమే తేడా కనిపిస్తే, ఆ తేడా ఏ ప్రయాణమూ లేని మామూలు రోజుల్లోనూ ఉందా అని చూడాలి. మీతో ఒంటరిగా గడపడానికి తనే వీలు చేసుకునేదా? మీ పెళ్లి మాట వస్తే ముఖం మారేదా? వీటికి కూడా వేరే కారణాలు ఉండొచ్చు. అయినా నెలల తరబడి కనిపించిన తీరుకు ఒక్క రోజు కౌగిలింత కంటే విలువ ఎక్కువ.

అప్పటికీ తేలకపోతే అడగడమే దారి. కొత్త దేశంలో ఆమె కాస్త కుదురుకోనివ్వండి. తర్వాత మెసేజ్ పెట్టకుండా ఫోన్ చేసి, “నాకు నువ్వంటే ఇష్టం. నీకు అలా లేకపోయినా ఫర్వాలేదు, తెలుసుకోవాలనిపించింది” అనండి. కౌగిలింతను రుజువుగా చూపించి నిలదీయకండి. కాదంటే ఆ మాట మళ్లీ ఎత్తకండి.