చార్మినార్ ఫొటో కింద చిన్న అక్షరాలు

నెట్‌లో పెట్టబోయే స్లైడ్లకు చార్మినార్ ఫొటో కావాలి. గూగుల్‌లో కనిపించిందల్లా ఉచితం కాదు. వికీమీడియా కామన్స్‌లో వెతికి, ఫొటో వివరాల పేజీలో లైసెన్సు చూడండి. CC0 అయితే పేరు చెప్పక్కర్లేదు. తరచూ కనిపించేది CC BY-SA 4.0. దానికి ఫొటోగ్రాఫర్ పేరు, లైసెన్సు, లింకులు స్లైడ్ మీదో చివర్లోనో వేయాలి. రంగులు మారిస్తే ఆ సంగతి రాసి, మార్చిన ఫొటోను అదే లైసెన్సుతో ఇవ్వాలి. NC ఉంటే వ్యాపారానికి పనికిరాదు.

అసలు చిక్కు వేరే ఉంది. ఎవరిదో ఫొటోను తనదంటూ ఎక్కించే ఘనులుంటారు. సైజు మరీ చిన్నదై, కెమెరా వివరాలు లేకపోతే అనుమానించండి. గూగుల్ లెన్స్‌లో వెతికితే అదే ఫొటో అంతకుముందే, పెద్ద సైజులో, వేరే పేరుతో కనిపించవచ్చు. అప్పుడు దాన్ని వదిలేయడమే మేలు.